వాట్సాప్ ఫొటోలోంచి పక్క మనిషిని తీసేయడం: 12×18 ఎందుకు వద్దన్నామంటే

హనుమకొండలో ఒక కుటుంబం బాపు సంవత్సరీకానికి పెద్ద ఫ్రేము కట్టించాలనుకుంది. ఆయన నిండుగా నిలబడి నవ్వుతూ కనిపించే ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది. ఖిలా వరంగల్‌లో కాకతీయ తోరణం ముందు, సాయంత్రం ఎండలో తీసింది. తెల్ల ఫుల్‌హ్యాండ్ షర్టు, తెల్ల పంచె. అయితే పక్కనే మెరూన్ షర్టు వేసుకున్న పరిచయస్తుడు ఒకాయన, బాపు మెడ వెనక నుంచి చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన్ని తీసేసి, బాపు ఒక్కరే ఉండేలా 12×18 అంగుళాల ప్రింటు ఇవ్వాలని కొడుకు అడిగారు.

వచ్చిన ఫైలు పేరు `IMG-20180115-WA0007.jpg`. పేరులో WA అని ఉంటే అది వాట్సాప్ మీదుగా వచ్చిందని అర్థం. కొలత 960×1280 పిక్సెళ్లు, బరువు 142 కేబీ. ఏ ఫోన్‌తో, ఎన్ని గంటలకు తీశారో చెప్పే వివరాలేవీ ఫైల్లో లేవు. వాట్సాప్ వాటిని తీసేస్తుంది.

మొదట లెక్క చూద్దాం. 12×18 నిష్పత్తికి సరిపడాలంటే పక్కల నుంచి 107 పిక్సెళ్లు కత్తిరించాలి. అప్పుడు మిగిలేది 853×1280. దాన్ని 18 అంగుళాల ఎత్తుకు సాగదీస్తే అంగుళానికి 71 పిక్సెళ్లు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు ల్యాబులు అడిగేది 300. అంటే 3600×5400 పిక్సెళ్లు ఉండాల్సిన చోట దాదాపు పద్దెనిమిదో వంతు మాత్రమే ఉన్నాయి. మిగతా పదిహేడు వంతులూ కంప్యూటర్ పక్క పిక్సెళ్లను చూసి మధ్యలో నింపినవే అవుతాయి.

అందుకే బ్రష్ పట్టకముందే అసలు ఫైలు కోసం వెతకాలి. ఫొటో తీసిన ఫోన్ ఎవరిది, దాని `DCIM/Camera` ఫోల్డర్ ఇంకా ఉందా, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పడిందా అని మూడు ప్రశ్నలూ అడగాలి. దొరికితే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి. ఫొటోగా పంపితే మళ్లీ చిన్నదైపోతుంది. ఈ కేసులో అసలు ఫైలు దొరకలేదు, ఫోన్ ఎప్పుడో పాడైంది. కానీ అడిగినందుకు పరకాలలోని మేనమామ ఇంట్లో అదే రోజు తీసిన మరో ఫొటో బయటపడింది. అదీ వాట్సాప్‌దే, అడ్డంగా తీసినది, 1280×960. అందులో బాపు ఇంకా దూరంగా ఉన్నారు, ముఖం పక్కకు తిరిగి ఉంది. ప్రింటుకు పనికిరాదు గానీ తర్వాత చేతికి పనికొచ్చింది.

ఇప్పుడు తీసేయాల్సిన మనిషి దగ్గరికి వద్దాం. ఆయన ఆక్రమించిన చోటు సుమారు 210 పిక్సెళ్ల వెడల్పు, 850 పిక్సెళ్ల ఎత్తు. 12×18 ప్రింటులో అది మూడు అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తున్న పట్టీ. అంత మేర ఫొటోలో లేనిదాన్ని తయారుచేసి పెట్టాలి. ఆ పట్టీలో కష్టం అంతటా ఒకేలా లేదు.

భుజం మీది వేళ్లు చూడగానే కష్టమనిపిస్తాయి. కస్టమర్ కూడా మొదట వాటి గురించే అడిగారు. నిజానికి ఇక్కడ అన్నిటికంటే తేలికైనది అదే. నాలుగు వేళ్లు కలిపి 28×24 పిక్సెళ్లు. ఇంత చిన్న ఫైల్లో షర్టు నేత కనిపించదు, వెలుగునీడల వాలు మాత్రమే ఉంటుంది. పక్కనున్న తెలుపును అదే వాలులో లాగితే సరిపోతుంది. తక్కువ రిజల్యూషన్ మనకు మేలు చేసే చోటు ఇదొక్కటే.

చెవి దగ్గర అలా కుదరదు. బాపు కుడి చెవికీ పక్కాయన తలకూ మధ్య 9 పిక్సెళ్ల ఖాళీ ఉంది. బాపు తల ఎత్తు 115 పిక్సెళ్లు, ఒక కన్ను వెడల్పు 15. ఈ కొలతల్లో చెవి అంచు రెండు మూడు పిక్సెళ్ల మందమున్న గీత మాత్రమే. చెవి పైన నెరిసిన జుట్టు పక్కాయన నల్ల జుట్టులో కలిసిపోయి ఉంది. ఏ పిక్సెల్ ఎవరిదో చెప్పగలిగే ఆధారం ఫైల్లో లేదు.

దానికి తోడు రంగు కారడం. జేపెగ్ ఫైలు వెలుగును, రంగును వేరువేరుగా దాస్తుంది. వెలుగును 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. రంగును మాత్రం, ఫోన్లు, వాట్సాప్ సాధారణంగా వాడే పద్ధతిలో, ముందే రెండు వైపులా సగం చేసి ఆ తర్వాత గళ్లు కడుతుంది. అంటే ఒక్కో రంగు గడి ఫొటోలో 16×16 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. ఆ గడిలో సగం మెరూన్ షర్టు, సగం తెల్ల షర్టు పడితే, గట్టిగా కుదించినప్పుడు మెరూన్ తెలుపు మీదికి పాకుతుంది. మనిషిని ఎంత శుభ్రంగా కత్తిరించినా బాపు చొక్కా అంచున గులాబీ చారలా అది మిగిలిపోతుంది. ఫోన్ తెర మీద కనబడదు. ఫొటోషాప్‌లో రంగు సాంద్రత పెంచే లేయర్ ఒకటి తాత్కాలికంగా పైన పెట్టి 300 శాతం దగ్గర చూస్తే, ఎక్కడిదాకా పాకిందో తేటగా తెలుస్తుంది. ఇక్కడ భుజం మీద పది పన్నెండు పిక్సెళ్లు, జుట్టులో ఇంచుమించు అంతే.

మూడోది బాపు కుడి చెయ్యి. పక్కాయన కొంచెం ముందుకు నిలబడటంతో భుజం కింది నుంచి వేళ్ల దాకా అంతా ఆయన వెనక దాగింది. దీనికీ రిజల్యూషన్‌కూ సంబంధం లేదు. ఎంత మంచి కెమెరాతో తీసినా దాగిన చెయ్యి దాగినట్టే. ఈ మాట కస్టమర్‌కు విడిగా చెప్పాలి. లేకపోతే పెద్ద ఫైలు దొరికితే చెయ్యి కూడా వస్తుందని ఎదురుచూస్తారు.

నాలుగోది వెనక తోరణం స్తంభం. చెక్కడపు పట్టీలతో నిండిన రాయి. కనిపిస్తున్న భాగం 60 పిక్సెళ్ల వెడల్పే. క్లోన్ స్టాంపుతో దాన్నే పట్టుకుని 210×850 చోటు నింపితే ఒకే మచ్చ, ఒకే నీడ మళ్లీ మళ్లీ వస్తుంది. 4×6 ప్రింటులో ఎవరూ పట్టుకోరు, 12×18లో ఎవరైనా పట్టుకుంటారు. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కదా, అవతలి స్తంభాన్ని తిప్పి పెట్టొచ్చు కదా అని అనిపిస్తుంది. ఎండ ఎడమ నుంచి పడుతోంది. తిప్పితే చెక్కడం నీడలు ఎడమకే పడతాయి. కారణం చెప్పలేకపోయినా, ఆ స్తంభం ఎబ్బెట్టుగా ఉందని చూసినవాళ్లు అంటారు.

కత్తిరింపు గురించి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. చెయ్యి కనబడకుండా నడుము పైకి, లేదా ఛాతీ దాకా కత్తిరిస్తే తీసివేత పని సగమవుతుంది. చాలామంది రీటచర్లు ఆ దారి పడతారు. కానీ ఛాతీ దాకా తీసుకుంటే ఈ ఫైల్లో మిగిలేది 300×450 పిక్సెళ్లు. దాన్ని 8×12 చేసినా అంగుళానికి 37 మాత్రమే. 15 పిక్సెళ్ల కన్ను అంగుళంలో ఐదింట రెండు వంతుల వెడల్పుకు సాగుతుంది. చేయి సమస్య పోతుంది, ముఖం పోతుంది. బొమ్మ పెట్టుకునేది ముఖం కోసమే కాబట్టి నిండు బొమ్మ ఉంచడమే సరైనదని తేల్చాం.

ఇదంతా చూశాక, డబ్బు మాట రాకముందే, పని ఒప్పుకోకముందే కస్టమర్‌కు పంపిన నోట్ ఇది.

«అన్నా, నమస్తే. బాపు ఫొటో మంచిగ చూసిన. పక్కనున్నాయనను తీసేయొచ్చు. భుజం మీద చెయ్యి వేసినట్టు ఆనవాలు కూడా ఉండదు. కానీ మీరు అడిగిన సైజుకు కొన్ని హద్దులున్నయి. అవి ముందే చెప్పుడు మంచిది.

మీరు పంపిన ఫొటో వాట్సాప్‌ల చిన్నగయి వచ్చింది. 12×18 చేస్తే నాలుగు రెట్లకన్నా ఎక్కువ సాగుతది. అప్పుడు బాపు ముఖం మెత్తగ, కొంచెం మసకగ కనిపిస్తది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే తెల్వది. కానీ సంవత్సరీకం నాడు దండ వేసేటోళ్లు, బొట్టు పెట్టేటోళ్లు అడుగు దూరంలనే నిలబడతరు. వాళ్లకు తెలుస్తది.

తీసేసిన చోట నేను కొత్తగ తయారుచేసి పెట్టాలె. వెనక రాతి స్తంభం, బాపు కుడి చెవి అంచు, కుడి చెయ్యి. స్తంభం కోటకు పోయి మళ్ల ఫొటో తీసి పెట్టొచ్చు. చెవి అంచు చేత్తో గీయాలె, అది అచ్చం బాపు చెవి అని నేను హామీ ఇయ్యలేను. చెయ్యి ఈ ఫొటోల అసలే లేదు. పరకాల నుంచి వచ్చిన ఫొటోలది తెచ్చి అతుకుత. అది బాపు చెయ్యే, కానీ ఆ నిమిషానిది కాదు. మీకు, అమ్మకు అది సమ్మతమేనా చెప్పున్రి.

ముఖం నేను ముట్టుకోను. కళ్లు, మూతి కొత్తగ గీసి సాఫ్ చేస్తే క్లియర్‌గ కనిపిస్తది గానీ బాపు లెక్క ఉండదు.

నా సలహా ఏందంటే, ఫ్రేము 12×18 ఉండనీయున్రి, లోపల ఫొటో 8×12 పెడదాం. చుట్టూ తెల్ల మౌంటు వస్తది, పక్కలకు రెండంగుళాలు, పైన కింద మూడంగుళాలు. గోడ మీద పెద్దగనే కనిపిస్తది, ముఖం నిలబడతది.

వద్దు, పూర్తి 12×18 కావాలె అంటే అట్లనే చేస్త. కానీ ముందుగాల ముఖం, భుజం ఉన్న ముక్కను అసలు సైజులనే 4×6 కాయితం మీద ప్రింటు తీసి చూపిస్త. అది గోడకు పెట్టి, దగ్గర నుంచి, దూరం నుంచి ఇంట్ల అందరు చూసినంకనే చెప్పున్రి.»

ఈ నోట్‌లో పిక్సెళ్ల లెక్క లేదు. ఎంత దూరం నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో ఉంది. కస్టమర్‌కు అక్కరకొచ్చేది అదే. ఆ దూరానికి ఒక లెక్క ఉంది: 3438ని అంగుళానికున్న పిక్సెళ్లతో భాగిస్తే, మామూలు చూపున్నవాళ్లకు కొరత కనిపించడం ఎన్ని అంగుళాల దగ్గర ఆగుతుందో వస్తుంది. 71కి 48 అంగుళాలు, అంటే నాలుగడుగులు. 8×12లో అంగుళానికి 107 పిక్సెళ్లు కాబట్టి 32 అంగుళాలు, మూడడుగుల లోపే. ఈ లెక్క మసకకు మాత్రమే. అతుకు తెలియడం వేరు. అతికిన చోటు చుట్టుపక్కల కంటే పదునుగా ఉంటే పదడుగుల నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

4×6 ముక్క గురించి ఇంకొక్క మాట. పెద్ద ప్రింటు మొత్తాన్ని 4×6కు కుదించి చూపిస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, అదే మోసం. 12×18 ఫైల్లోంచి సరిగ్గా 4×6 అంగుళాల ముక్కను కోసి అదే కొలతలో ప్రింటు తీయాలి. ల్యాబులో అది మామూలు 4×6 ధరకే వస్తుంది. ఈ కేసులో రెండు ముక్కలు తీసి ఇచ్చాం. ఒకటి 12×18ది, ఒకటి 8×12ది. 12×18 ముక్కలో ఆకాశం మీద మూడు మిల్లీమీటర్ల గళ్లు కంటికే కనిపించాయి. అవి పైన చెప్పిన 8 పిక్సెళ్ల జేపెగ్ గళ్లే, సాగి అంత అయ్యాయి. ఇంట్లో వాళ్లు 8×12 ఎంచుకున్నారు.

పని వరస ఇలా సాగింది. ఫైలును 16 బిట్‌లోకి మార్చి, ఆకాశంలో మాత్రమే గళ్లను మెత్తబరిచాం. ముఖం మీద ఆ పని చేస్తే ఉన్న కొద్ది వివరమూ పోతుంది. తర్వాత రంగు కారిన చోటు. కొత్త లేయరును కలర్ మోడ్‌లో పెట్టి, అదే చొక్కాలో శుభ్రంగా ఉన్న చోట నుంచి రంగు తీసుకుని, చొక్కా అంచున మెత్తటి బ్రష్‌తో పూశాం. ఈ మోడ్‌లో వెలుగునీడలు మారవు, రంగు మాత్రమే మారుతుంది. మనిషిని తీసేయకముందే ఈ పని చేయడం మేలు. తీసేశాక అంచు ఎక్కడుందో కంటికి ఆధారం ఉండదు.

అప్పుడు ఫైలును 200 శాతం చేసి, చెవి అంచు గీయడం ఆ సైజులో చేశాం. అసలు సైజులో రెండు పిక్సెళ్ల గీతను బ్రష్‌తో అదుపు చేయడం కుదరదు. ఎడమ చెవి ఎత్తు, తల వాలు కొలిచి, ఆ హద్దుల్లోనే కుడి చెవిని ముగించాం. జుట్టు అంచును కావాలనే కొంచెం మెత్తగా వదిలాం. వెంట్రుక వెంట్రుకగా గీస్తే ఆ ఒక్క చోటే పదునుగా నిలుస్తుంది.

స్తంభం కోసం కోటలో కొత్తగా ఫొటో తీయాల్సి వచ్చింది. పాత ఫొటోను 4×6 ప్రింటు చేసి చేతిలో పట్టుకుని, స్తంభం అంచు వెనకనున్న రాయితో ఎక్కడ కలుస్తుందో చూసుకుంటూ ముందుకు వెనకకు జరిగితే అసలు నిలబడిన చోటు దొరుకుతుంది. దూరంగా నిలబడి జూమ్ చేస్తే స్తంభాల మధ్య ఎడం మారిపోతుంది కాబట్టి జూమ్ వాడకూడదు. నీడలు అదే వాలుకు వచ్చేదాకా ఆగాలి. పాత ఫొటో సంక్రాంతి నాటిది, చలికాలపు ఎండ. వేసవిలో అదే గంటకు వెళ్తే సూర్యుడు చాలా పైన ఉంటాడు. ఈ పని ఫిబ్రవరి మొదటి వారంలో పడింది కాబట్టి పెద్దగా తేడా రాలేదు.

అసలు చిక్కు ఆ కొత్త ఫొటో మరీ బాగుండటమే. పాత ఫొటోలో రాతి అంచు నలుపు నుంచి తెలుపుకు మారడానికి మూడు నాలుగు పిక్సెళ్లు పడుతోంది. కొత్తదాన్ని అదే కొలతకు కుదించినా ఒకటి రెండు పిక్సెళ్లలో మారిపోతోంది. అలాగే పెడితే పాత బట్టకు కొత్త మాసిక వేసినట్టు ఉంటుంది. కాబట్టి దాన్ని చెడగొట్టాలి. 960×1280 కొలతకు తెచ్చి, ఒక పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇచ్చి, తక్కువ నాణ్యతలో జేపెగ్‌గా సేవ్ చేసి మళ్లీ తెరిచాం. అంచు వెడల్పు పాతదానితో కలిసేదాకా బ్లర్‌ను 0.8 నుంచి 1.2 మధ్య మార్చి చూడాలి. కలిశాక దాన్ని కూడా 200 శాతం చేసి వెనక పెట్టాం.

చెయ్యి పరకాల ఫొటోలోంచి వచ్చింది. అందులో బాపు ఎత్తు 520 పిక్సెళ్లు, ఇందులో 860. అంటే 1.65 రెట్లు సాగాలి. తెల్ల చొక్కా చేతికి అది ఇబ్బంది కాలేదు. అరచెయ్యి మాత్రం వేళ్లు విడివిడిగా తెలియనంత మసకగా వచ్చింది. పంచె మడత నీడ కొంచెం దాని మీద పడేలా చేస్తే చూపు అక్కడ ఆగడం తగ్గింది. అయినా ఫొటోను పట్టుకుని వెతికితే అది తెలుస్తుంది. అప్పగించేటప్పుడు ఆ చోటు వేలితో చూపించి చెప్పాం.

చివరగా 8×12కు, అంటే 2400×3600కు పెంచాక, మొత్తం బొమ్మ మీద ఒకే గ్రెయిన్. 50 శాతం బూడిద రంగు లేయరును సాఫ్ట్ లైట్‌లో పెట్టి, నలుపు తెలుపు నాయిస్ 3 శాతం. గ్రెయిన్ ముందే వేసి తర్వాత సాగదీస్తే చుక్కలు మచ్చలవుతాయి, అందుకే ఇది ఆఖరున. పాతదీ అతికినదీ ఒకే పొర కింద చేరడంతో తేడా చాలావరకు అణిగిపోతుంది. ల్యాబుకు పంపే ముందు, కర్వ్స్ లేయర్‌ను పైకి కిందకు అలలా వంచి ఒకసారి చూడాలి. రంగులన్నీ వింతగా మారిపోతాయి గానీ కంటికి ఆనని అతుకు గీతలు అందులో బయటపడతాయి. ఇక్కడ స్తంభం అడుగున, గడ్డి మొదలయ్యే చోట ఒక గీత దొరికింది. సరిచేసి పంపాం. ల్యాబులో గ్లాసీ కాకుండా మ్యాట్ కాగితం అడిగాం. మెరుపు కాగితం మసకను ఎత్తిచూపుతుంది.

ఫ్రేము ఇచ్చాక కస్టమర్ ఇదే ఫైలుతో వీధి మొదట్లో నాలుగడుగులు ఆరడుగుల ఫ్లెక్సీ కూడా వేయించొచ్చా అని అడిగారు. 12×18 వద్దన్నవాళ్లు ఆరడుగులకు సరే అనడం ఆయనకు వింతగా తోచింది. నిండు బొమ్మ అలాగే ఉంచితే ఫ్లెక్సీలో అంగుళానికి 18 పిక్సెళ్లు, పదహారడుగుల నుంచి చూస్తే సరిపోతుంది. రోడ్డు మీద పోయేవాళ్లు చాలావరకు దూరం నుంచే చూస్తారు. కానీ ఫ్లెక్సీ దుకాణాల్లో అలవాటుగా ముఖం మాత్రం కోసి పెద్దది చేస్తారు. అలా చేస్తే అంగుళానికి ఆరు మిగులుతాయి, దాదాపు నలభై ఎనిమిది అడుగుల అవతల నుంచి గానీ ముఖం ముఖంలా ఉండదు. అందుకని ఫైలుతో పాటు దుకాణం అతనికి ఒక వాక్యం రాసి పంపాం: «అన్నా, బొమ్మ కొయ్యొద్దు, షార్ప్ చెయ్యొద్దు, తల నుంచి కాళ్ల దాకా ఉన్నదున్నట్టు వెయ్యి.»